హోమ్ స్క్రీన్‌ను పేర్చేదెవరు?

2021 చివర్లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూత రాలిపోయింది, ఆకులు ముడుచుకుపోయాయి. ఆ రోజుల్లో ఒక రైతు యూట్యూబ్ తెరిచి ‘మిర్చి నల్ల తామర పురుగు మందు’ అని వెతికాడనుకుందాం. పన్నెండు నిమిషాల వీడియో ఒకటి చివరిదాకా చూశాడు. దాని కింద కనిపించిన ఇంకొకటీ చూశాడు. మర్నాడు పొద్దున ఫోన్ తెరిస్తే హోమ్ పేజీ నిండా పురుగుమందుల వీడియోలే. ‘ఒక్క స్ప్రేతో పురుగు మాయం’, ‘ఈ రెండూ కలిపి కొట్టండి’ అంటూ ఒకే రకం థంబ్‌నెయిళ్లు. నిన్నటిదాకా పైన కనిపించిన ప్రవచనాలు, ఊరి వార్తలు, పాత సినిమా పాటలు ఎక్కడో కిందికి జారిపోయాయి. నీలిరంగు జిగురు అట్టలు ఎలా కట్టాలో, వేప నూనె ఎప్పుడు కొట్టాలో చెప్పే శాస్త్రవేత్తల వీడియో కూడా యూట్యూబ్‌లో ఉండవచ్చు. కానీ అది ఆయన తెర మీదికి రాలేదు.

ఈ రైతు ఊహించుకున్న మనిషే. కానీ ఆయన తెరకు జరిగింది అందరి తెరలకూ జరిగేదే. మోకాళ్ల నొప్పి గురించి ఒకసారి వెతికిన పెద్దావిడకూ, ఒక హీరో మీద ట్రోల్ వీడియో చూసిన కుర్రాడికీ మర్నాడు అదే అనుభవం. తెర మీద ఏముండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, దేన్ని చూసి నిర్ణయిస్తున్నారు, ఆ నిర్ణయాన్ని మార్చడానికి చూసేవాడి చేతిలో ఏముంది? పదిహేనేళ్లుగా పరిశోధకులు ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబులు కొన్నిచోట్ల మనం మామూలుగా అనుకునేదానికి పూర్తిగా ఎదురుగా ఉన్నాయి.

యూట్యూబ్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. తన యంత్రాంగం ఎలా పనిచేస్తుందో ఆ సంస్థ ఇంజినీర్లే వ్యాసాలుగా రాసి బయటపెట్టారు. బయటి పరిశోధకులు కూడా దాన్ని పదేపదే పరీక్షించారు. పైగా యూట్యూబ్‌లో జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా సిఫార్సుల ద్వారానే నడుస్తోందని 2018 జనవరిలో అప్పటి యూట్యూబ్ ఉన్నతాధికారి నీల్ మోహన్ చెప్పారు. అంటే వెతుక్కుని చూసేది తక్కువ, ఎదురుగా పెట్టింది చూసేదే ఎక్కువ.

మొదట్లో లెక్క చాలా సులువుగా ఉండేది. ఏ వీడియో మీద ఎక్కువమంది నొక్కితే అది పైకి వచ్చేది. దాంతో లోపల సరుకు లేకపోయినా థంబ్‌నెయిల్ మీద ఆశపెట్టే వీడియోలు గెలిచేవి. 2012లో యూట్యూబ్ ఆ కొలమానాన్ని మార్చింది. ఎన్నిసార్లు నొక్కారన్నది పక్కనపెట్టి, ఎంతసేపు చూశారన్నదాన్ని లెక్కలోకి తీసుకుంది. నొక్కి వెంటనే బయటికి వచ్చేసిన వీడియోకు విలువ తగ్గింది, కూర్చోబెట్టిన వీడియోకు పెరిగింది. ఈ ఒక్క మార్పుతో తెలుగులోనూ ఛానళ్ల నడక మారింది. విషయాన్ని రెండు నిమిషాల్లో చెప్పి ముగించడం కంటే, ‘ఆఖర్లో అసలు మందు పేరు చెబుతాను’ అని పన్నెండు నిమిషాలు నిలబెట్టడం లాభసాటి అయింది. మిర్చి రైతు చూసిన వీడియో అంత సాగడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆ తర్వాతి అడుగు 2016లో బోస్టన్‌లో జరిగిన రెక్‌సిస్ సదస్సులో బయటికి వచ్చింది. పాల్ కోవింగ్టన్, జే ఆడమ్స్, ఎమ్రే సర్గిన్ అనే ముగ్గురు గూగుల్ ఇంజినీర్లు యూట్యూబ్ సిఫార్సుల గురించి ఒక వ్యాసం సమర్పించారు. ఇప్పటి యంత్రాంగం అప్పటికంటే చాలా ముందుకు వెళ్లింది. అయినా దాని అస్థిపంజరం అర్థం కావాలంటే ఇంతకంటే స్పష్టమైన పత్రం ఇంకొకటి లేదు.

అందులో చెప్పిన ప్రకారం పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో లక్షలాది వీడియోల్లోంచి కొన్ని వందలను ఏరతారు. ఇందుకు చూసేవాడి గురించి తెలిసినదంతా ఒక సంఖ్యల వరుసగా కుదిస్తారు. ఈ మధ్య చూసిన వీడియోలు, ఈ మధ్య వెతికిన మాటలు, ఉన్న ప్రాంతం, వాడుతున్న పరికరం, ఇలాంటివన్నీ అందులోకి వెళతాయి. వ్యాసంలో వివరించిన ప్రయోగంలో ఒక్కో మనిషికి ఇటీవలి 50 వీడియోలు, 50 వెతుకుడు మాటలు తీసుకుని వాటి సగటు కట్టారు. ఆ సగటు ఎక్కడ పడితే దానికి దగ్గరగా ఉన్న వీడియోలు పోటీలోకి వస్తాయి. ఇలాంటి చరిత్రే ఉన్న మిగతా మనుషులు తర్వాత ఏం చూశారన్నదే ఆ దగ్గరతనానికి ఆధారం. మిర్చి రైతు రెండు వీడియోలు చూశాక ఏం చూస్తాడో అంచనా వేయడానికి, అవే రెండు వీడియోలు చూసిన వేలమంది తర్వాత ఎటు వెళ్లారో యంత్రానికి తెలిస్తే చాలు. తామర పురుగు అంటే ఏమిటో దానికి తెలియనక్కర్లేదు.

రెండో దశలో ఆ కొన్ని వందలకు ఒక్కొక్కదానికీ మార్కులు వేసి, పదులకు కుదించి వరుసలో పెడతారు. ‘దీన్ని చూపిస్తే ఎంతసేపు చూస్తాడు’ అన్నదే ఆ వ్యాసంలో మార్కుల ఆధారం. ఆ అంచనాకు అన్నిటికంటే బాగా పనికొచ్చిన సమాచారమేమిటో కూడా ఇంజినీర్లు చెప్పారు. ఈ మనిషి ఇదే ఛానల్‌లో ఇంతకుముందు ఎన్ని వీడియోలు చూశాడు, ఇదే విషయం మీద ఆఖరిసారి ఎప్పుడు చూశాడు అన్నవే అవి. నిన్న రాత్రి చూసిన మందుల ఛానల్ ఈ పొద్దున పైవరుసలోకి రావడానికి ఇంకే రహస్యమూ అక్కర్లేదు. చూసిన దగ్గరికే మళ్లీ తీసుకెళ్లడం ఆ లెక్కలో గెలుపు.

ఇదే వ్యాసంలో ఇంకో చిన్న వివరం ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ఒక వీడియోను చూపించినా మనిషి నొక్కకపోతే, తర్వాతిసారి పేజీ తెరిచేటప్పటికి దాని స్థానం కిందికి దిగుతుంది. అందుకే తెరను వేలితో కిందికి లాగిన ప్రతిసారీ కొత్త బొమ్మలు కనిపిస్తాయి. చూసేవాడికి అది కొత్తదనంలా ఉంటుంది. నిజానికి ఆ కొన్ని వందల బుట్ట పెద్దగా మారకపోవచ్చు, అందులోంచి పైకి తీసినవే మారి ఉండవచ్చు. పదిసార్లు లాగినా మందుల వీడియోల స్థానంలో మందుల వీడియోలే వస్తుంటే కారణం ఇదే. తెర ఇరుకైందని పోల్చుకోవడానికి ఇదొక మంచి గుర్తు: బొమ్మలు మారుతున్నాయి, విషయం మారడం లేదు.

మరి ఇందులోకి కొత్తది ఎలా వస్తుంది? ఇంజినీర్లకు కూడా ఈ బెంగ ఉంది. తాము చూపించినవాటి మీద నొక్కుళ్లతోనే యంత్రానికి నేర్పితే అది తాను ముందే ఇచ్చిన తీర్పులనే తిరిగి నేర్చుకుంటుందని, కొత్త వీడియోలు పైకి రావడం కష్టమవుతుందని వాళ్లు స్పష్టంగా రాశారు. అందుకని సిఫార్సుల ద్వారా చూసినవే కాకుండా, వెతుక్కుని చూసినవి, వేరే వెబ్‌సైట్లలో కనిపించినప్పుడు చూసినవి కూడా శిక్షణలో కలిపారు. అంటే ఈ వ్యవస్థలోకి బయటి గాలి వచ్చే కిటికీ మనిషి తనంతట తాను వెతుక్కోవడమే. ఈ మాట ముందుముందు మళ్లీ పనికొస్తుంది.

చూసిన సమయం ఒక్కటే కొలమానమైతే ఏం జరుగుతుందో యూట్యూబ్‌కే అర్థమైంది. మనిషి గంటసేపు చూసి, లేచాక ‘ఎందుకు చూశానా’ అనుకోవచ్చు. అందుకని చూసినవాళ్లను ఒకటి నుంచి ఐదు నక్షత్రాల మధ్య మార్కులు వేయమని అడగడం మొదలుపెట్టారు. నాలుగో ఐదో వేసిన వీడియోలనే విలువైన సమయంగా లెక్కిస్తామని 2021 సెప్టెంబరులో యూట్యూబ్ ఇంజినీరింగ్ విభాగం పెద్ద క్రిస్టోస్ గుడ్రో రాశారు. అందరూ జవాబివ్వరు కాబట్టి, ఇచ్చినవాళ్ల జవాబుల నుంచి ఇవ్వనివాళ్ల తృప్తిని కూడా యంత్రమే అంచనా కడుతుంది. 2019లో వచ్చిన మరో వ్యాసంలో నొక్కడం, చూసిన సమయం ఒకవైపు, ఇష్టపడటం, వద్దనడం ఇంకోవైపు పెట్టి, అన్నిటినీ కలిపి తూచే పద్ధతిని గూగుల్ పరిశోధకులు వివరించారు. ఇది నిజమైన మెరుగుదలే. అయినా తృప్తి అన్నది ఆ ఒక్క వీడియో గురించిన తృప్తి. ‘నా తెర మొత్తం ఒకే విషయంతో నిండిపోయింది’ అనే అసంతృప్తిని కొలిచే ప్రశ్న ఆ నక్షత్రాల్లో ఎక్కడా లేదు.

ఇక్కడిదాకా యంత్రం సంగతి. ఇది మనుషుల బుర్రల్ని ఇరుకు చేస్తోందా అన్నది వేరే ప్రశ్న, దాని చరిత్ర వేరు.

ఇంటర్నెట్ ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో పెట్టి తలుపేస్తోందని 2011లో ఎలి పారిసర్ అనే అమెరికన్ రచయిత ఒక పుస్తకంలో హెచ్చరించారు. తన ఫేస్‌బుక్ పేజీలోంచి తనకు భిన్నమైన రాజకీయ అభిప్రాయాలున్న స్నేహితుల పోస్టులు మెల్లగా మాయమవడాన్ని ఆయన ఉదాహరణగా చూపించారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. యూట్యూబ్ మామూలు మనిషిని మెట్టు మెట్టుగా తీవ్రవాద భావాల వైపు దించుతుందన్న భయం కూడా దానికి తోడైంది.

పరిశోధకులు కొలిచి చూసేసరికి కథ అంత నున్నగా లేదు. 2015లో ఫేస్‌బుక్ పరిశోధకులు అమెరికాలో కోటి మందికి పైగా వినియోగదారుల సమాచారాన్ని పరిశీలించారు. ఎదుటిపక్షం వార్తలు కనబడకుండా చేయడంలో అల్గారిదం పాత్ర ఉందిగానీ, మనిషి తానే ఎంచుకునే తీరు పాత్ర అంతకంటే ఎక్కువని తేల్చారు. సంస్థ తన గురించి తాను చేసుకున్న అధ్యయనం కాబట్టి దీన్ని కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి. కానీ 2023లో బయటి విశ్వవిద్యాలయాల పరిశోధకులు యూట్యూబ్ మీద ప్రచురించిన అధ్యయనం కూడా అటే చూపించింది. తీవ్ర భావాల ఛానళ్లను చూసేవాళ్లు కొద్దిమందే, వాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఆ భావాలు ఉన్నవాళ్లు, పైగా సబ్‌స్క్రిప్షన్ల ద్వారానో బయటి లింకుల ద్వారానో అక్కడికి వస్తున్నారు. ఏమీ తెలియని మనిషిని సిఫార్సులు లాక్కెళ్లిన సందర్భాలు అరుదు.

ఎదురు ఫలితాలూ ఉన్నాయి. అదే 2023లో మరో బృందం లక్ష నకిలీ ఖాతాలతో యూట్యూబ్‌ను పరీక్షించింది. ఒక రాజకీయ పక్షం వీడియోలు చూపించి ఆ ఖాతాలను సిద్ధం చేస్తే, సిఫార్సులు ఆ పక్షానికే మరింత దగ్గరగా జరిగాయి, ముఖ్యంగా మితవాద ఖాతాల విషయంలో. రెండు ఫలితాలూ నిజం కావచ్చు. నకిలీ ఖాతా ఎదురుగా పెట్టినదాన్ని నొక్కుకుంటూ పోతుంది. మనిషి విసుక్కుంటాడు, మధ్యలో క్రికెట్ చూస్తాడు, పిల్లల పాటలు పెడతాడు. యంత్రం ఎటు నెట్టగలదో నకిలీ ఖాతాల పరీక్ష చెబుతుంది, మనిషి ఎటు వెళుతున్నాడో నిజమైన ప్రేక్షకుల మీద జరిగిన అధ్యయనం చెబుతుంది. వార్తల్లో ఈ రెంటినీ కలిపేసి రాయడం వల్లే ‘యూట్యూబ్ మనుషుల్ని మార్చేస్తోంది’, ‘అదంతా అపోహ’ అనే రెండు శీర్షికలు ఒకే ఏడాది వస్తున్నాయి.

ఈ పరిశోధనలు చాలావరకు అమెరికా రాజకీయాల మీద జరిగినవి. అక్కడి రెండు పార్టీల కొలబద్ద తెలుగు తెరకు సరిపోదు. తెలుగు ప్రేక్షకుడికి ఏ వార్తా ఛానల్ ఎవరి పక్షమో యూట్యూబ్ రాకముందే తెలుసు. తనకు నచ్చినదాన్ని ఎరిగే ఎంచుకుంటాడు. అతని తెర ఇరుకవడంలో అభిప్రాయం కంటే విషయం పాత్ర ఎక్కువని ఈ వ్యాసం వాదన. ఎదుటి పార్టీ కనబడకపోవడం ఒక సమస్య. వ్యవసాయం చూసేవాడికి చరిత్ర, జాతకాలు చూసే ఆవిడకు సంగీతం, సినిమా గొడవలు చూసే కుర్రాడికి సైన్స్ అసలు ఉన్నట్టే తెలియకపోవడం ఇంకా పెద్ద సమస్య. దీని గురించి చర్చ తక్కువ.

ఈ రెండో రకం ఇరుకుకు మంచి ఆధారం సంగీతం వైపు నుంచి వచ్చింది. స్పాటిఫైలో జనం వినే పాటల వైవిధ్యాన్ని ఆ సంస్థ పరిశోధకులు మరికొందరితో కలిసి కొలిచి 2020లో ప్రచురించారు. అల్గారిదం వినిపించిన పాటల్లో వైవిధ్యం తక్కువగా, మనిషి తానుగా వెతుక్కుని విన్న పాటల్లో ఎక్కువగా కనిపించింది. కాలక్రమంలో అభిరుచి విశాలమైనవాళ్లు అల్గారిదం మీద ఆధారపడటం తగ్గించుకుని, సొంతంగా వెతుక్కోవడం పెంచినవాళ్లే. వైవిధ్యంగా వినేవాళ్లే సర్వీసును వదలకుండా ఎక్కువకాలం ఉంటున్నారని కూడా తేలింది. అంటే ఇరుకు తెర దీర్ఘకాలంలో సంస్థకూ మేలు కాదు. అయినా ఈ క్షణంలో ఏది నొక్కుతాడన్న లెక్కే బలంగా పనిచేస్తోంది.

ఇక బయటపడే దారుల సంగతి. ఎవరికైనా మొదట తట్టేది వీడియో పక్కన ఉండే మూడు చుక్కలు. వాటిని నొక్కితే Not interested, Don't recommend channel అనే మాటలు కనిపిస్తాయి. ఇవి ఎంతవరకు పనిచేస్తాయో 2022లో మొజిల్లా ఫౌండేషన్ కొలిచింది. 22,722 మంది స్వచ్ఛందంగా తమ బ్రౌజర్‌లో ఒక చిన్న పరికరం పెట్టుకున్నారు. వాళ్లు ఒక వీడియో వద్దని నొక్కితే, కొందరి విషయంలో అది యూట్యూబ్‌కు డిస్‌లైక్‌గా వెళ్లేది, కొందరి విషయంలో Not interestedగా, ఇంకొందరి విషయంలో ఛానల్ వద్దన్నట్టుగా, మరికొందరి విషయంలో చూసిన చరిత్రలోంచి ఆ వీడియోను తీసేసినట్టుగా వెళ్లేది. ఒక గుంపు విషయంలో ఏమీ వెళ్లేది కాదు. ఆ తర్వాత వద్దన్నదాన్ని పోలిన వీడియోలు ఎన్ని వచ్చాయో ఆ చివరి గుంపుతో పోల్చి లెక్కవేశారు. ఛానల్‌ను వద్దనడం 43 శాతం అవాంఛిత సిఫార్సులను ఆపింది. చరిత్రలోంచి తీసేయడం 29 శాతం ఆపింది. డిస్‌లైక్ 12 శాతం, Not interested కేవలం 11 శాతం.

ఈ అంకెలు చాలామందికి ఆశ్చర్యం కలిగించాయి. 2016 వ్యాసం చదివినవాళ్లకు కలగకపోవచ్చు. జనం ఇష్టమో కాదో చెప్పే బటన్లు చాలా అరుదుగా నొక్కుతారు, చూడటం మాత్రం నిరంతరం చూస్తారు. కాబట్టి మొదటి దశకు నేర్పడానికి బటన్లను కాకుండా చూసిన చరిత్రనే వాడామని అందులో ఉంది. వంద వీడియోల చరిత్ర ఒకవైపు లాగుతుంటే, ఒక బటన్ నొక్కుడు దాన్ని ఎంతని ఆపగలదు? ఛానల్‌ను వద్దనడం బాగా పనిచేయడానికి కారణం అది అభిప్రాయంగా కాకుండా నిషేధంగా అమలు కావడమే అయి ఉండాలి. మొజిల్లా నివేదిక మీద స్పందిస్తూ, ఒక విషయాన్నో ఒక దృక్పథాన్నో పూర్తిగా వడకట్టేసేలా తమ బటన్లను రూపొందించలేదని, అలా చేస్తే మనుషులు తమ మాటే తాము వినే గదుల్లో చిక్కుకుంటారని యూట్యూబ్ చెప్పింది. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ వద్దని చెప్పిన మనిషి మాట 11 శాతమే చెల్లడానికి అది సమాధానం కాదు.

కాబట్టి మూలం చరిత్రలో ఉంది. తెరను తిట్టుకుంటే అది మారదు, తెర వెనక ఉన్న రికార్డును మార్చాలి.

మిర్చి రైతు ఏం చేయాలో చూద్దాం. యూట్యూబ్ ఖాతాలోకి వెళ్లి History తెరిస్తే చూసినవన్నీ తేదీలవారీగా ఉంటాయి. పైన వెతికే గడి కూడా ఉంటుంది. అందులో ‘మిర్చి’ అనో ఆ ఛానల్ పేరో కొడితే ఆ వీడియోలన్నీ ఒకచోటికి వస్తాయి. పనికొచ్చిన ఒకటి రెండు ఉంచుకుని మిగతావి తీసేయవచ్చు. వెతికిన మాటల చరిత్ర వేరుగా ఉంటుంది. దాన్ని కూడా చూడకపోతే పని సగమే అవుతుంది, ఎందుకంటే మొదటి దశలో వీడియోలతో పాటు వెతికిన మాటలు కూడా లెక్కలోకి వెళుతున్నాయి. తర్వాత, అన్నిటికంటే ఎక్కువగా విసిగిస్తున్న రెండు మూడు ఛానళ్లకు Don't recommend channel నొక్కాలి. విషయం మొత్తాన్ని వద్దనడానికి ఈ బటన్‌ను వాడటం దండగ, వందల ఛానళ్లను ఒక్కొక్కటిగా ఎవరూ ఆపలేరు.

ఖాళీ చేసిన చోట ఏదో ఒకటి నింపాలి, లేకపోతే పాత సరుకే తిరిగి వస్తుంది. ఇక్కడే ఇందాకటి కిటికీ పనికొస్తుంది. హోమ్ పేజీ ఏం చూపిస్తుందా అని ఎదురుచూడకుండా, కావాల్సినదాన్ని పేరుపెట్టి వెతకాలి. తామర పురుగు గురించే అయినా సరే, ‘మందు’ అన్న మాటకు బదులు గుంటూరు దగ్గరి లాం పరిశోధనా కేంద్రం పేరు చేర్చి వెతికితే పోటీలోకి వచ్చే వీడియోలే వేరవుతాయి. దొరికినదాన్ని కాసేపు చూసి వదిలేయకుండా చివరిదాకా చూడటం ముఖ్యం. నచ్చితే సబ్‌స్క్రైబ్ చేసి, ఆ తర్వాత హోమ్ పేజీకి బదులు Subscriptions తెరవడం అలవాటు చేసుకోవాలి. అక్కడ కనిపించేది తాను కోరి ఎంచుకున్న ఛానళ్ల సరుకు. హోమ్ పేజీ పైన వరుసగా ఉండే గడుల్లో అప్పుడప్పుడు New to you అని ఒకటి కనిపిస్తుంది. 2021లో వచ్చిన ఈ గడి అలవాటైన దారికి కొంచెం పక్కగా ఉన్నవాటిని చూపిస్తుంది. మరీ దూరం మాత్రం తీసుకెళ్లదు.

ఒకే రోజులో తేడా కనిపించకపోతే నిరాశపడనక్కర్లేదు. సగటు కదలాలంటే కొత్త వీడియోలు పాతవాటికి సరితూగేంత పేరుకోవాలి. కదిలిందో లేదో తేల్చుకోవడానికి పైనున్న ఇరవై వీడియోలు చూసి, వాటిలో ఎన్ని ఇంతకుముందు చూసిన ఛానళ్లవి, ఎన్ని ఒకే విషయానివి అని లెక్కపెట్టుకుంటే చాలు. వారానికోసారి ఈ లెక్క చూస్తే తెర ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది.

తెలుగు ఇళ్లలో ఈ పనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఫోన్ ఒకరిది, చూసేవాళ్లు నలుగురు. హాల్లో ఉన్న టీవీ చాలా ఇళ్లలో ఒకే ఒక్క ఖాతాతో తెరుచుకుంటుంది. అందులో పొద్దున తాతయ్య ప్రవచనం, మధ్యాహ్నం సీరియల్ ముక్కలు, సాయంత్రం పిల్లల పాటలు, రాత్రి ఎవరో చూసిన రాజకీయ చర్చ, అన్నీ ఒకే చరిత్రలో కలుస్తాయి. యంత్రం దృష్టిలో ఇదంతా ఒక్క మనిషి. కిరాణా కొట్టువాడు ఏం కొన్నారో గుర్తుపెట్టుకుంటాడుగానీ ఎవరికోసం కొన్నారో అతనికి తెలియదు, ఇదీ అంతే. పైకి ఇందులో వైవిధ్యం ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఎవరు ఎక్కువసేపు చూస్తే వాళ్ల అభిరుచి మిగతావాళ్ల తెరను మింగేస్తుంది. చాలా ఇళ్లలో ఆ ఎక్కువసేపు చూసేవాళ్లు పిల్లలే. టీవీలో ఒక్కొక్కరికీ వేరే ఖాతా పెట్టుకోవడం, పిల్లలకు యూట్యూబ్ కిడ్స్ విడిగా పెట్టడం మిగతా చిట్కాలన్నిటికంటే ముందు చేయాల్సిన పని. ఒక్కసారి మాత్రమే కావలసినవాటికి ఇన్‌కాగ్నిటో మోడ్ ఉంది. జబ్బు లక్షణాలు, పెళ్లి కార్డు డిజైన్లు, చుట్టం అడిగిన పాట లాంటివి అందులో వెతికితే ఆ జాడ చరిత్రలో మిగలదు. నల్ల తామర పురుగు ఒక్క పంటకాలం గొడవ అనుకున్న రైతు కూడా అదే చేసి ఉండవచ్చు.

చరిత్రనే పూర్తిగా ఆపేస్తే? అదీ కుదురుతుంది. 2023 ఆగస్టు నుంచి, చూసిన చరిత్రను ఆపేసి, పాత చరిత్ర కూడా పెద్దగా లేనివాళ్లకు యూట్యూబ్ హోమ్ పేజీని దాదాపు ఖాళీగా చూపిస్తోంది. వెతికే గడి, కొన్ని మెనూలు తప్ప ఏమీ ఉండవు. కొంతమందికి ఇదే హాయి. కానీ ఇందులో చిన్న విషాదం ఉంది. ఒకవైపు పూర్తిగా మన చరిత్రతో పేర్చిన తెర, ఇంకోవైపు ఖాళీ తెర. ఈ రెంటి మధ్య, సంపాదకులు ఏరినది, లేదా తెలుగులో ఈ వారం వచ్చిన మంచి డాక్యుమెంటరీలు అన్న మూడో రకం తెర మనకు దొరకడం లేదు. పాత రేడియోలో, వారపత్రికలో ఆ మూడో రకం ఉండేది. శ్రోత కోరుకోని వ్యవసాయ కార్యక్రమం, పాఠకుడు కోరుకోని కథ ఎదురుపడి అలవాటయ్యేవి.

యూరప్‌లో చట్టం ఆ మూడో దారిని కొంతవరకు తెరిపించింది. అక్కడి డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం అతిపెద్ద వేదికలు, మనిషి వ్యక్తిగత చరిత్ర మీద ఆధారపడని సిఫార్సుల పద్ధతిని కనీసం ఒక్కటైనా ఇచ్చి తీరాలి. 2023 ఆగస్టు నుంచి ఇది పెద్ద సంస్థలకు అమలవుతోంది. ఇది కాక, వినియోగదారుడు తన సిఫార్సులను కొన్ని నొక్కులతో మొదటికి తెచ్చుకునే ఏర్పాటును ఇన్‌స్టాగ్రామ్ 2024 నవంబరులో ప్రకటించింది. అందులోనూ ఒక పరిమితి ఉంది. చెరిపిన మరుక్షణం నుంచి కొత్త చరిత్ర మొదలవుతుంది, అదే వేళ్లు అవే వీడియోల మీద ఆగితే కొద్ది రోజుల్లో అదే తెర తిరిగి కట్టుకుంటుంది.

వరుస మారిస్తే చాలన్న ఆశకు కూడా ఒక పరీక్ష ఎదురైంది. 2020 అమెరికా ఎన్నికలప్పుడు మెటాతో కలిసి విశ్వవిద్యాలయ పరిశోధకులు కొంతమందికి అల్గారిదం తీసేసి, పోస్టులు వచ్చిన వరుసలోనే చూపించారు. 2023లో ఫలితాలు ప్రచురించారు. జనం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో గడిపే సమయం బాగా తగ్గింది. కానీ వాళ్ల తెర మీద రాజకీయం పెరిగింది, నమ్మదగని వార్తా వనరులు కూడా పెరిగాయి. మూడు నెలల్లో వాళ్ల రాజకీయ అభిప్రాయాలు కొలవగలిగినంతగా మారలేదు. కాలక్రమంలో పేర్చిన తెరలో ఎక్కువగా అరిచేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు, రోజుకు ఇరవైసార్లు పోస్టు పెట్టే పేజీ నెలకోసారి పెట్టే పేజీని కప్పేస్తుంది. తెలుగు యూట్యూబ్‌లో Subscriptions పేజీ మీద ఆధారపడాలనుకునేవాళ్లకు ఈ ఇబ్బందే ముందుగా తగులుతుంది. గంటకో వీడియో వదిలే వార్తా ఛానల్‌కు ఒక్కదానికి సబ్‌స్క్రైబ్ చేసినా, నెలకోసారి వచ్చే చరిత్ర ఛానల్, పొలం దగ్గర నిలబడి మాట్లాడే శాస్త్రవేత్త వీడియో దాని కింద పడిపోతాయి. అలాంటి వార్తా ఛానళ్లను సబ్‌స్క్రిప్షన్లలోంచి తీసేసి, కావలసినప్పుడు పేరుతో వెతికి చూసుకుంటే ఆ పేజీ వాడుకోదగ్గదిగా నిలబడుతుంది.